ఒకే లేఖ, మూడు డెస్కులు: మెటర్నిటీ క్లెయిమ్‌ను ఇన్సూరెన్స్ కంపెనీ ఎలా చదువుతుంది

ప్రసవం అయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీకి పంపే లేఖలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. "వెయిటింగ్ పీరియడ్ పూర్తయింది. ఆసుపత్రి బిల్లులు జతచేస్తున్నాను. పాపను కూడా పాలసీలో చేర్చగలరు." రాసేవారికి ఇది ఒకటే విషయం: బిడ్డ పుట్టింది, ఖర్చయింది, డబ్బు రావాలి. కంపెనీ లోపల మాత్రం ఈ మూడు వాక్యాలు మూడు చోట్లకు వెళ్తాయి. మొదటిదానికి జవాబు పాలసీ చరిత్రలో ఉంటుంది. రెండోది బిల్లులు పరిశీలించే వైద్యుల బృందం పని. మూడోది అసలు క్లెయిమే కాదు, పాలసీలో మార్పు కోరడం. దాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు.

ఈ మూడింటికీ పాలసీలో వేర్వేరు క్లాజులున్నాయి, వేర్వేరు పరిమితులున్నాయి. మూడింటినీ కలిపి ఒకే మొత్తంగా అడిగితే, కంపెనీ తనకు తోచినట్టు విడదీసుకుంటుంది. ఆ విడదీతలోనే చాలామంది డబ్బు పోతుంది.

## ప్రసవం మామూలుగా కవర్ కాదు

మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కొన్ని మినహాయింపులను ఒకే భాషలో, ఒకే నంబర్లతో స్థిరపరిచింది. పాలసీ పుస్తకంలో ఎక్స్‌క్లూజన్ 18 అని కనిపించేది ప్రసవానికి సంబంధించినది. సాధారణ కాన్పు, సిజేరియన్, కాన్పులో వచ్చే చిక్కులు, ప్రమాదం వల్ల కాని గర్భస్రావం, చట్టబద్ధమైన గర్భవిచ్ఛిత్తి అన్నీ ఇందులోకి వస్తాయి. అంటే మూల పాలసీ ఇవ్వనన్నదాన్ని, మెటర్నిటీ కవర్ అనే అదనపు ప్రయోజనం ఒక పరిమితి వరకు, కొంతకాలం ఆగాక ఇస్తుంది. ఆ ఆగాల్సిన కాలమే వెయిటింగ్ పీరియడ్.

ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది దృష్టికి రాదు. గర్భసంచి బయట పిండం ఏర్పడే ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీని ఆ మినహాయింపు నుంచే తప్పించారు. దాని ఆపరేషన్ ఖర్చు మామూలు హాస్పిటలైజేషన్ కింద, పూర్తి బీమా మొత్తం మేరకు అడగాల్సింది. దాన్ని మెటర్నిటీ క్లెయిమ్ అని మనమే రాసుకుంటే, మెటర్నిటీ వెయిటింగ్ పీరియడ్‌నూ చిన్న పరిమితినీ చేజేతులా తెచ్చుకున్నట్టే.

## వెయిటింగ్ పీరియడ్: ఎవరి గడియారం, ఏ రోజు నుంచి

మెటర్నిటీకి వెయిటింగ్ పీరియడ్ పాలసీని బట్టి మారుతుంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా చూస్తాం, రెండేళ్లు లేదా మూడేళ్లు మామూలు. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రూప్ పాలసీల్లో దీన్ని ఎత్తేయడం సాధారణం. అలాంటి చోట లేఖలో "పూర్తయింది" అనడం కన్నా, మాఫీ చేసిన క్లాజును పేర్కొనడమే సరైనది.

అసలు చిక్కు ఎన్ని నెలలు అన్నదానిలో లేదు. లెక్క ఏ తేదీ నుంచి అన్నదే తగవు. ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

భర్త 2022 జూన్ 12న మెటర్నిటీ కవర్ ఉన్న పాలసీ తీసుకున్నాడు. పెళ్లయ్యాక 2023 జూన్ 12 రెన్యూవల్‌లో భార్యను చేర్చి, దాన్ని ఇంటిల్లిపాదికీ ఒకే బీమా మొత్తం ఉండే ఫ్యామిలీ ఫ్లోటర్‌గా మార్చాడు. మెటర్నిటీ వెయిటింగ్ 24 నెలలు. 2024లో ప్రీమియం కట్టడం ఆలస్యమై జూన్ 25న కట్టాడు. 2025 జూన్ 12 రెన్యూవల్ సకాలంలో జరిగింది. 2025 ఆగస్టు 1న సిజేరియన్ ద్వారా పాప పుట్టింది.

అతను "మా పాలసీకి మూడేళ్లు దాటింది" అని రాస్తే అది నిజమే కానీ పనికిరాని నిజం. చాలా పాలసీల్లో మెటర్నిటీ గడియారం ప్రసవించే మనిషి ఆ కవర్‌లోకి వచ్చిన రోజు నుంచి తిరుగుతుంది. ఇక్కడ అది 2023 జూన్ 12. రెండేళ్లు నిండేది 2025 జూన్ 11తో. కాన్పు ఆ తర్వాతే అయింది కాబట్టి క్లెయిమ్ నిలుస్తుంది. అదే కాన్పు మే నెలలో అయ్యుంటే, పాలసీ పాతదైనా డబ్బు వచ్చేది కాదు. భార్యాభర్తలిద్దరూ అంతకాలం పాలసీలో కొనసాగి ఉండాలనే షరతు కూడా కొన్ని పాలసీల్లో ఉంటుంది.

మరి 2024లో జరిగిన 13 రోజుల ఆలస్యం? ఏడాదికోసారి ప్రీమియం కట్టే పాలసీకి 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ లోపు కడితే అప్పటిదాకా గడిపిన వెయిటింగ్ కాలం చెక్కుచెదరదు. ప్రీమియం అందని ఆ కొద్దిరోజుల్లో ఆసుపత్రి పాలైతే మాత్రం ఆ ఖర్చు రాదు. 30 రోజులు దాటాక కడితే కంపెనీ కొత్త పాలసీగా చూడొచ్చు, అప్పుడు గడియారం సున్నా నుంచి మొదలు. అందుకే ఆ ఆలస్యాన్ని దాచడం కన్నా, గ్రేస్ పీరియడ్‌లోనే కట్టామని రసీదుతో సహా చెప్పడం మంచిది. క్లెయిమ్ చూసేవారి స్క్రీన్ మీద ఆ తేదీ ఎలాగూ కనిపిస్తుంది.

కంపెనీ మారిన వాళ్ల లెక్క ఇంకొంచెం వేరు. పోర్టబిలిటీలో పాత కంపెనీ దగ్గర గడిపిన వెయిటింగ్ కాలానికి పాత బీమా మొత్తం మేరకు గుర్తింపు ఉంటుంది. పాత పాలసీలో అసలు మెటర్నిటీ కవరే లేకపోతే, ఆ ప్రయోజనానికి కొత్త కంపెనీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టడం మామూలే. మెటర్నిటీ పరిమితిని మధ్యలో పెంచుకున్నా అంతే, పెరిగిన భాగానికి వెయిటింగ్ మళ్లీ వర్తించవచ్చు.

ఇదంతా లేఖలో ఒక పేరాకి మించదు. మన ఉదాహరణలో అది ఇలా ఉంటుంది:

> "నా భార్య పై పాలసీలో 12-06-2023 నుంచి సభ్యురాలు. మెటర్నిటీ ప్రయోజనానికి పాలసీ షరతుల్లో చెప్పిన 24 నెలల వెయిటింగ్ పీరియడ్ 11-06-2025తో పూర్తయింది. 2024 రెన్యూవల్ ప్రీమియం గ్రేస్ పీరియడ్‌లోపు, 25-06-2024న చెల్లించాను, రసీదు జతచేశాను. ప్రసవం 01-08-2025న జరిగింది. 2023, 2024, 2025 పాలసీ షెడ్యూళ్లు జతపరిచాను."

## గర్భం వచ్చిన తేదీ లెక్కా, కాన్పు తేదీ లెక్కా?

పై ఉదాహరణలో ఆమె ఆఖరి నెలసరి తేదీ, అంటే డిశ్చార్జ్ సమ్మరీలో ఎల్‌ఎంపీ అని రాసేది, 2024 అక్టోబర్ 27 అనుకుందాం. దానికి 280 రోజులు కలిపితే 2025 ఆగస్టు 3 వస్తుంది, కాన్పు రెండు రోజుల ముందే అయింది. అంటే గర్భం వచ్చేనాటికి వెయిటింగ్ పీరియడ్ ఇంకా నడుస్తూనే ఉంది. అలాంటప్పుడు క్లెయిమ్ చెల్లుతుందా?

దీని మీద రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ బలముంది. గర్భం వచ్చాక పాలసీలు తీసుకోవడాన్ని ఆపడానికే వెయిటింగ్ పీరియడ్ పెట్టాం కాబట్టి గర్భం వచ్చిన తేదీనే చూడాలన్నది ఒకటి. క్లాజు ఖర్చుల గురించి మాట్లాడుతోంది, ఖర్చు పుట్టింది కాన్పు రోజున, కాబట్టి ఆ రోజే ముఖ్యమన్నది రెండోది. తీర్పు చెప్పేది మాత్రం మీ పాలసీలోని మాటలే. "వెయిటింగ్ పీరియడ్ తర్వాత జరిగే ప్రసవానికి అయ్యే ఖర్చులు" అనే తరహాలో ఉంటే కాన్పు తేదీ చాలు. "వెయిటింగ్ పీరియడ్ పూర్తయ్యాక వచ్చిన గర్భానికి" అని స్పష్టంగా ఉంటే ఎల్‌ఎంపీ తేదీ అడ్డొస్తుంది. రెండేళ్ల వెయిటింగ్‌ను గర్భం తేదీతో లెక్కిస్తే ఆచరణలో అది సుమారు రెండేళ్ల తొమ్మిది నెలలవుతుంది. కాబట్టి క్లాజులో గర్భం ప్రస్తావనే లేనిచోట కంపెనీ ఆ అర్థం తీస్తే అభ్యంతరం చెప్పడానికి ఆస్కారం ఉంది. క్లాజు సంఖ్యను లేఖలో ఎత్తి రాస్తే ఈ చర్చ మొదటి రోజే తేలుతుంది.

డిశ్చార్జ్ సమ్మరీలో ఎల్‌ఎంపీ పక్కనే జీ, పీ, ఏ, ఎల్ అనే అక్షరాలు, వాటి పక్కన అంకెలు ఉంటాయి. జీ అంటే మొత్తం ఎన్నిసార్లు గర్భం వచ్చింది, పీ అంటే ఎన్ని కాన్పులు, ఏ అంటే ఎన్ని గర్భస్రావాలు, ఎల్ అంటే బతికున్న పిల్లలెందరు. రెండు కాన్పుల వరకే ఇస్తామనే పాలసీల్లో క్లెయిమ్ చూసేవారి కళ్లు ముందు పడేది ఇక్కడే. ముందొక గర్భస్రావం అయినవారికి జీ2 అని ఉంటుంది, కానీ ఇది మొదటి కాన్పే. కంగారులో దాన్ని రెండో కాన్పుగా లెక్కేసే అవకాశం ఉంది కాబట్టి లేఖలో "ఇది మొదటి ప్రసవం" అన్న ఒక్క ముక్క ఉంటే కంపెనీ నుంచి వివరణ అడిగే క్వెరీ తప్పుతుంది.

## తల్లి బిల్లు: పరిమితి ముందా, కోత ముందా

ఇప్పుడు డబ్బు సంగతి. మన ఉదాహరణలో తల్లి బిల్లు ₹1,12,400. గది నాలుగు రోజులకు 18,000. ఆపరేషన్ థియేటర్, మత్తు కలిపి 22,000. డాక్టర్ ఫీజు 35,000. మందులు 19,600. ల్యాబ్ పరీక్షలు 6,300. నర్సింగ్, ఇతర సేవలు 8,000. మిగతా 3,500 డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, బిడ్డకు వాడే చిన్నచిన్న వస్తువులవి. ఇవి చెల్లించనక్కర్లేని వస్తువుల జాబితాలో ఉన్నవే, వాటి మీద వాదన దండగ.

పాలసీలో సిజేరియన్‌కు పరిమితి ₹75,000 అనుకుందాం. 1,12,400లోంచి 3,500 తీసేస్తే 1,08,900. అది పరిమితి కన్నా ఎక్కువ కాబట్టి రావలసింది పూర్తి 75,000. కొన్నిసార్లు సెటిల్‌మెంట్ లెటర్‌లో 71,500 కనిపిస్తుంది. అంటే ముందు పరిమితి వేసి, ఆ తర్వాత 3,500 కోశారన్నమాట. చెల్లించని వస్తువులు బిల్లులోంచి పోవాలి, ప్రయోజనంలోంచి కాదు. పాలసీ వేరేగా చెప్పకపోతే, చెల్లించదగిన ఖర్చు ఎంతో ముందు తేల్చి, దానికి పరిమితి వర్తింపజేయడమే సహజమైన క్రమం. ఈ తేడా పట్టుకోవాలంటే మొత్తం బిల్లుతో పాటు విడివిడి పద్దులున్న బిల్లు చేతిలో ఉండాలి. "ప్యాకేజీ" అని ఒకే అంకె వేసిన బిల్లు ఇక్కడే ఇబ్బంది పెడుతుంది, దేన్ని కోశారో మనకూ తెలియదు, ఎందుకు కోశారో వాళ్లూ చెప్పలేరు.

క్లెయిమ్ ఫారంలో పార్ట్ ఏ మనం నింపేది, పార్ట్ బీ ఆసుపత్రి నింపి ముద్ర వేసేది. డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, డబ్బు కట్టిన రసీదులు, మందుల బిల్లులకు సరిపోయే చీటీలు, పరీక్షల రిపోర్టులు, క్యాన్సిల్ చేసిన చెక్కు, గుర్తింపు పత్రాలు మామూలే. బిల్లు వేరు, రసీదు వేరు అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. బిల్లు ఎంతైందో చెబుతుంది, కట్టారని చెప్పేది రసీదే. అడ్వాన్స్ రసీదులు పోయి, చివరి రసీదొక్కటే మిగిలితే ఆ మేరకు క్వెరీ వస్తుంది. తొమ్మిది నెలల స్కాన్లు, చెకప్‌ల ఖర్చు చాలా పాలసీల్లో రాదు, వచ్చినా ఆ 75,000 లోపలే.

## పాప బిల్లు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది

పుట్టిన రెండో రోజు పాపకు కామెర్లు ఎక్కువగా ఉన్నాయని మూడు రోజులు పసిపిల్లల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూలో ఉంచి, కాంతితో చేసే ఫొటోథెరపీ ఇచ్చారనుకుందాం. ఆ బిల్లు ₹46,800. ఆసుపత్రులు దీన్ని తల్లి పేరుకు ముందు "బేబీ ఆఫ్" అని చేర్చి, వేరే ఇన్‌పేషెంట్ నంబర్‌తో ఇస్తాయి.

భర్త రెండు బిల్లులూ కలిపి "మొత్తం ₹1,59,200 చెల్లించగలరు" అని రాశాడనుకోండి. క్లెయిమ్ చూసేవారు మెటర్నిటీ పరిమితి 75,000 వేసి ఫైలు మూసేయడానికి దారి దొరికినట్టే. పాలసీలో నవజాత శిశువు చికిత్సకు వేరే పరిమితి, ఉదాహరణకు ₹50,000, ఉంటే పాప బిల్లు 46,800, చెల్లించని వస్తువులు పోగా, దాదాపు మొత్తం విడిగా రావాలి. శిశువు ఖర్చు మెటర్నిటీ పరిమితిలోనే అని పాలసీ చెబితే, తల్లి బిల్లే ఆ పరిమితిని మింగేసింది కాబట్టి ఇంకేమీ రాదు. ఒకే కుటుంబం, అవే బిల్లులు. క్లాజును బట్టి తేడా నలభై వేల పైమాటే. అందుకే లేఖలో పాప ఖర్చుకు విడి పేరా, విడి మొత్తం, విడి క్లాజు సంఖ్య ఉండాలి.

ఐఆర్‌డీఏఐ నిర్వచనం ప్రకారం నవజాత శిశువు అంటే పాలసీ కాలంలో పుట్టి, 90 రోజుల లోపు వయసున్న బిడ్డ. ఆరోగ్యంగా ఉన్న బిడ్డను తల్లి పక్కన ఉంచినందుకు వేసే ఛార్జీలు ఒకటి, జబ్బుకు చేసిన చికిత్స ఇంకొకటి. చాలా పాలసీలు రెండోదాన్నే విడిగా ఇస్తాయి. పాప డిశ్చార్జ్ సమ్మరీలో "అబ్జర్వేషన్ కోసం ఎన్‌ఐసీయూ" అని మాత్రమే రాసి ఉంటే, పరిశీలన కోసమే జరిగిన అడ్మిషన్‌ను మినహాయించే ఎక్స్‌క్లూజన్ 4 ముందుకొస్తుంది. రక్తంలో బిలిరుబిన్ ఎంతుంది, ఎన్ని గంటలు ఫొటోథెరపీ ఇచ్చారు, ఎప్పుడు తగ్గింది అన్నవి అందులో ఉంటే అది చికిత్సేనని వేరే చెప్పక్కర్లేదు. డిశ్చార్జ్ రోజున ఇంటికెళ్లే హడావుడిలో ఈ కాగితం ఎవరూ చదవరు. చదవాల్సింది మాత్రం అప్పుడే, తర్వాత దిద్దించుకోవాలంటే ఆసుపత్రి చుట్టూ తిరగాలి.

## "పాపను చేర్చండి" అన్న అభ్యర్థన

శిశువు చికిత్సకు డబ్బు ఇవ్వడం, శిశువును పాలసీలో సభ్యురాలిగా చేర్చడం ఒకటి కాదు. మొదటిది తల్లి కవర్‌కు తోకలా వచ్చేది, ఎక్కువ పాలసీల్లో 90 రోజులతో అయిపోతుంది. రెండోదానికి దరఖాస్తు, అదనపు ప్రీమియం, ఎండార్స్‌మెంట్ కావాలి. కొన్ని పాలసీలు పుట్టిన రోజు నుంచే చేర్చుకుంటాయి, కొన్ని 90 రోజులు నిండాక, మరికొన్ని రెన్యూవల్‌లోనే. గ్రూప్ పాలసీల్లో సమాచారం హెచ్‌ఆర్ ద్వారా వెళ్లాలి, దానికి సాధారణంగా గడువుంటుంది. అది దాటితే తర్వాతి ఏడాదే.

మన పాప విషయంలో 90 రోజులు 2025 అక్టోబర్ 30తో నిండుతాయి. తర్వాతి రెన్యూవల్ 2026 జూన్ 12. భర్త "రెన్యూవల్‌లో చూద్దాంలే" అనుకున్నా, కంపెనీ అలా అనుకున్నా, మధ్యలో 224 రోజులు పాపకు ఏ కవరూ ఉండదు. పాలసీ మధ్యలో చేర్చుకునే వీలుంటే అక్టోబర్ 31 నుంచే అడగొచ్చు. అదనపు ప్రీమియం ఏడాదికి ₹6,000 అనుకుంటే, ఆ 224 రోజుల వంతు సుమారు ₹3,680. అభ్యర్థనలో "చేర్చగలరు" అని వదిలేయకుండా తేదీతో అడగడం ఇందుకే:

> "01-08-2025న జన్మించిన మా పాపను 31-10-2025 నుంచి, లేదా పాలసీ అనుమతించే అంతకన్నా ముందు తేదీ నుంచి, సభ్యురాలిగా చేర్చవలసిందిగా కోరుతున్నాను. వర్తించే అదనపు ప్రీమియం తెలియజేస్తే చెల్లిస్తాను. పుట్టినప్పుడు కామెర్లకు చికిత్స జరిగింది. డిశ్చార్జ్ సమ్మరీ జతచేశాను."

ఆ చివరి వాక్యం రాయాలంటే చాలామందికి టెన్షన్. చికిత్స సంగతి చెబితే చేర్చుకోరేమోనన్న భయం. కానీ ఆ బిల్లు వాళ్ల దగ్గరే క్లెయిమ్‌గా ఉంది. చెప్పకపోతే ఏమీ దాగదు, రేపు దాచారన్న మాట మాత్రం పడుతుంది.

ఈ అభ్యర్థనను క్లెయిమ్ లేఖలోనే పెట్టాలా, విడిగా పంపాలా అన్నదానిపై ఏజెంట్లలోనే రెండు మాటలున్నాయి. ఒకే లేఖలో ఉంటే పుట్టిన తేదీ కంపెనీకి ఫలానా రోజున తెలిసిందనడానికి ఒకే రుజువు చాలు. విడి లేఖైతే సంబంధిత విభాగానికి నేరుగా చేరుతుంది. నాకు రెండోదే సబబనిపిస్తుంది. క్లెయిమ్ చాలాసార్లు కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే బయటి సంస్థ, అంటే టీపీఏ దగ్గరకు వెళ్తుంది, సభ్యులను చేర్చే అధికారం టీపీఏకు ఉండదు. డబ్బు ఖాతాలో పడగానే ఫైలు మూసేస్తారు, చివరి పేరాలోని పాప అక్కడే ఉండిపోతుంది. క్లెయిమ్ లేఖలో ప్రస్తావన, పాలసీ సర్వీసింగ్‌కు విడి దరఖాస్తు, రెండూ ఉంటే ఇబ్బంది లేదు.

జనన ధ్రువపత్రం కోసం మాత్రం క్లెయిమ్ ఆపక్కర్లేదు. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి, ఆసుపత్రిలో కాన్పైతే సమాచారం పంపే బాధ్యత వాళ్లదే. ధ్రువపత్రం వచ్చేలోగా ఆసుపత్రి కాగితాలతో క్లెయిమ్ పంపి, "ధ్రువపత్రం తర్వాత సమర్పిస్తాను" అని రాయవచ్చు.

## లేఖ వెళ్లాక

క్లెయిమ్ కాగితాలు పంపడానికి డిశ్చార్జ్ నుంచి 15 లేదా 30 రోజుల గడువు పాలసీల్లో కనిపిస్తుంది. బాలింత ఇంట్లో అది ఇట్టే గడిచిపోతుంది. సహేతుకమైన కారణంతో జరిగిన ఆలస్యాన్ని మాత్రమే సాకుగా చూపి నిజమైన క్లెయిమ్‌ను యాంత్రికంగా తిరస్కరించకూడదని ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు చెప్పింది. కాబట్టి ఆలస్యమైతే కారణం ఒక వాక్యంలో రాసి పంపడమే.

2024 నిబంధనల ప్రకారం, మనం ముందు కట్టి తర్వాత తిరిగి అడిగే రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్‌ను 15 రోజుల్లో తేల్చాలి. ఆలస్యమైతే బ్యాంక్ రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. తిరస్కరిస్తే ఏ క్లాజు ప్రకారమో రాతపూర్వకంగా చెప్పాలి. లేఖలో మనం మూడు అంశాలనూ మూడు క్లాజులతో విడివిడిగా అడిగి ఉంటే, జవాబు కూడా మూడింటికీ విడివిడిగా రాబట్టవచ్చు. తల్లి బిల్లుకు 75,000 ఇచ్చి పాప బిల్లు మీద మౌనం వహిస్తే, అది తిరస్కరణా, మరచిపోవడమా అని అడిగే వీలుంటుంది.

జవాబు నచ్చకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. కంపెనీ తిరస్కరించినా, నెల రోజుల్లో స్పందించకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ₹50 లక్షల వరకు వివాదాలను అక్కడ ఫీజు లేకుండా, లాయర్ లేకుండా వింటారు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.